మిగిలిన ముప్పై మీటర్లు

మా కటింగ్ మాస్టారు ఒక్క రంగులోనే ముప్పై మీటర్ల బట్ట మిగిల్చారని ఆ ఉదయం మా ఓనరు మేడం కాజాలు తెప్పించారు. నేనూ ఒకటి తిన్నాను. అది పూర్తిగా మింగే లోపే నాకు ఒక అనుమానం మొదలైంది. కాజా మీద కాదు, ఆ ముప్పై మీద.

మాది ఆటోనగర్‌లో కుర్తీలు కుట్టే చిన్న యూనిట్. కట్-మేక్-ట్రిమ్ పని. అంటే బట్ట ఆర్డరిచ్చిన పార్టీది. దాన్ని కత్తిరించి, కుట్టి, బొత్తాలు దారాలు సరిచూసి, ఇస్త్రీ చేసి పెట్టెల్లో సర్దడం వరకే మాది. బట్ట మాది కాదు కాబట్టి ప్రతి మీటరూ ఏ కుర్తీలోకి వెళ్లిందో చివర్లో వాళ్లకు చూపించాలి. ఎక్కువ వాడితే మాట పడాలి. మిగిలితే గొప్పే, అందుకే కాజాలు.

నేను ఆ యూనిట్లో చెకింగ్ బల్ల దగ్గర చేరాను. కుట్టిన కుర్తీని తిరగేసి, వేలాడే దారాలు కత్తిరించి, వంకర కుట్టుకు స్టిక్కరు అంటించే పని. పదో తరగతి దాకానే నా బడి చదువు. ఆ తర్వాతదంతా గాజువాక శాఖా గ్రంథాలయం దయ. ఆదివారం పొద్దున్నే వెళ్లి, ఖగోళం దగ్గర్నుంచి కంప్యూటరు దాకా ఏది దొరికితే అది చదివేదాన్ని. ఆ లైబ్రరీలో నాకు అన్నిటికన్నా నచ్చింది పుస్తకాలు కాదు, పుస్తకాల జాబితా ఉన్న కార్డుల పెట్టె. అక్షర క్రమంలో సొరుగులు, సొరుగుల్లో కార్డులు. ఎవరినీ అడక్కుండా కావలసింది వేలితో పట్టుకోవచ్చు. ప్రపంచంలో దేన్నైనా అలా సర్దేయొచ్చని నాకు గట్టి నమ్మకం ఉండేది.

మేడం ఆర్డర్లు నడపడానికి ఈఆర్పీ సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు దాని ముందు కూర్చోవడానికి ఎవరూ రాలేదు. నేను లైబ్రరీలో కంప్యూటరు పుస్తకాలు చదివానని చెప్పి కూర్చున్నాను. మేడం గోదావరి జిల్లా మనిషి, మాట మెత్తగానే ఉంటుంది కానీ లెక్క గట్టిది.

"చూడమ్మాయ్, ఈ కొత్త పార్టీ ఆర్డరు మూడు రంగుల్లో సరిగ్గా వెళ్లిందంటే ఈ కుర్చీ నీదే అండి. ఏదైనా తేడా వచ్చిందనుకో, మాస్టారి నోటుపుస్తకం మళ్లీ బయటికి తీద్దాం, నువ్వు చెకింగ్‌కి వెళ్దువుగాని."

మా కటింగ్ మాస్టారిది శ్రీకాకుళం వైపు. ముప్పై ఏళ్ల అనుభవం, చెవిలో పెన్సిలు. ఆర్డర్లన్నీ నల్ల అట్ట నోటుపుస్తకంలో రాసుకునేవారు. నా కంప్యూటర్ని "పెట్టి" అనేవారు.

"ఏటమ్మా, నీ పెట్టి ఈవేళేటి సెప్తంది?" అని రోజూ ఒకసారి అడిగి నవ్వేవారు.

నేను మాత్రం ఆ పెట్టెను లైబ్రరీలా సర్దేశాను. పార్టీల పేర్లు, రంగులు, బొత్తాల రకాలు, జిప్పులు, అన్నీ ఇంగ్లిష్ అక్షర క్రమంలో. ప్రతి జాబితాలోనూ వరస సంఖ్య రాయడానికి ఒక గడి ఉండేది. దాన్ని ఖాళీగా వదిలేస్తే సాఫ్ట్‌వేరే అక్షర క్రమంలో పెట్టేస్తుంది. అంతకన్నా మంచి వరస ఇంకేముంటుందని అన్నిచోట్లా ఖాళీగా వదిలాను. రంగులు వెతకడం ఎంత తేలికైందంటే, మేడం స్వయంగా మెచ్చుకున్నారు.

ఆర్డరు ఎక్కించే తెరని మాట్రిక్స్ అంటారు. అడ్డంగా సైజులు, నిలువుగా రంగులు, గడిగడికీ ఎన్ని కుర్తీలో ఒక అంకె. కొత్త పార్టీ ఎక్సెల్ షీటు పంపింది. నేవీ, మెరూన్, బాటిల్ గ్రీన్, మూడింటికీ ఒకే సైజుల లెక్క, రంగుకు తొమ్మిది వందలు. ఇంతకుముందు చిన్న ఆర్డర్లు కాబట్టి ఒక్కో గడి పైన సైజు చూసి ఒక్కో అంకె కొట్టేదాన్ని. ఈసారి తెలివి చూపించి అంకెల గుంపంతా ఒక్కసారే కాపీ చేసి అతికించాను. అడ్డం కూడితే తొమ్మిది వందలు, మొత్తం రెండు వేల ఏడు వందలు. అంకె అంకెకీ సరిపోయింది. కటింగ్ ఆర్డరు ప్రింటు తీసి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన కాసేపు దాన్ని చూసి, నన్ను చూసి, పెన్సిలు చెవిలోంచి తీశారు.

నాలుగో రోజుకి నేవీ కటింగ్ పూర్తయింది. ముప్పై మీటర్లు మిగిలాయి. కాజాలు వచ్చాయి.

"సూసినావా, నోటుపుస్తకమైనా నీ పెట్టైనా కత్తి నా సేతిలో ఉంది!" అన్నారు మాస్టారు, చేతికంటిన పాకం తుడుచుకుంటూ.

మేడం పార్టీకి ఫోను చేసి చెప్తానన్నారు. ఒక్క పూట ఆగమన్నాను. బట్ట లెక్క కాగితం తయారు చేయాలి కదా అన్నాను. నిజానికి నన్ను తొలిచేది వేరే సంగతి. కత్తిరింపు గీతలు గీసే మార్కరు కాగితం మీద కుర్తీ ముక్కల బొమ్మల్ని ఎంత దగ్గరగా ఇరికించినా, ఆ పాటి కటింగ్‌లో మాస్టారు మూడు నాలుగు మీటర్ల కన్నా ఎక్కువ ఎప్పుడూ మిగల్చలేదు. పాత ఆర్డర్లన్నీ తీసి చూశాను. మూడు, నాలుగు, రెండున్నర. ముప్పై ఎక్కడా లేదు.

అప్పుడే కుట్టు మిషన్ల లైను చూసే అక్క వచ్చింది. యారాడ మనిషి, చేపల బుట్ట పక్కన పెరిగిన గొంతు, మిషన్ల మోతలోనూ వినిపిస్తుంది.

"ఏటే సెల్లీ, ఈ పార్టీవోల్ల ఊర్లో తిండి దొరకదేటే?"

"ఏమైందక్కా?"

"కట్టల మీద కట్టలు ఎస్ సైజే వత్తన్నాయి. మూడొందలంట! ఎల్ సూత్తే నూటిరవై. మా లైన్లో ముప్పై మందిమి ఉన్నాం, ఎస్ పట్టేది ఒక్కర్తికే. దానికీ పెల్లి కుదిరింది, రేపట్నించి పట్టదు."

నేను నవ్వబోయి ఆగిపోయాను. పార్టీ షీటు తెరిచాను. అక్కడ వరస ఎస్, ఎమ్, ఎల్, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్. నా మాట్రిక్స్ తెరిచాను. అక్కడ ఎల్, ఎమ్, ఎస్, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్. అక్షర క్రమం! నా కార్డుల పెట్టె! ఎమ్ రెండు వరసల్లోనూ నడుమనే ఉంది, చివరి రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎస్‌కీ ఎల్‌కీ అంకెలు తారుమారయ్యాయి. తారుమారైనా మొత్తం మారదు కదా, అందుకే ఏ కూడికా నన్ను పట్టుకోలేదు. నూట ఎనభై పెద్ద కుర్తీలు చిన్నవైపోయాయి. ఆ మిగిలిన బట్ట అదీ.

కటింగ్ హాల్లో మెరూన్ బట్ట పొరలు పొరలుగా పరిచి, పైన మార్కరు కాగితం పెట్టి ఉంది. మాస్టారు కటింగ్ మిషన్ స్విచ్చి మీద వేలు వేశారు.

"మాస్టారూ, ఆపండి! కొయ్యొద్దు!"

అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. మిషన్ల మీదున్న వాళ్లంతా తల తిప్పారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. తప్పు నాదేనని చెప్పాను. నోటుపుస్తకం గురించి ఏదో ఒకటి అంటారని తల వంచుకుని నిలబడ్డాను.

ఆయన ఎస్ గడి మీద పెన్సిలు ఆనించి, మెల్లగా అన్నారు: "నాకూ ఆవేళే అనుమానం వచ్చింది. ఎస్ ఇన్ని ఏటని. పుస్తకాలు సదివిన అమ్మాయి రాసింది కదా, నానెవుడ్ని అడగడానికని ఊరుకున్నాను." ఆపైన గొంతు తగ్గించి, "మరి నా ముప్పై మీటర్లు?" అన్నారు.

"మాస్టారూ... అందులో ఎక్కువ భాగం మీది కాదండి."

ఆ మాట చెప్పడం తప్పు ఒప్పుకోవడం కన్నా కష్టమైంది.

మెరూన్, గ్రీన్ బతికాయి. సైజులకు వరస సంఖ్యలు రాసి, అంకెలు సరిచేసి, కొత్త మార్కరు వేస్తే చాలు. నేవీ మాటేమిటి? ఎల్ కొలతలో కోసిన ముక్కని ఎస్ చేయొచ్చు గానీ, ఎస్‌ని ఎల్ చేయలేం. ఇంకా నూట ఎనభై ఎల్ కావాలి. ఒక్కోదానికి రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు. నాలుగు వందల ముప్పై రెండు మీటర్లు. ఉన్నది ముప్పై.

మేడం దగ్గరికి వెళ్లేముందు పార్టీల వారీగా ఆర్డర్లు చూపించే తెర ఒకసారి తీశాను, ఇంకెన్ని రోజుల గడువుందో చూద్దామని. అదే పార్టీ పేరు కింద రెండో వరస కనిపించింది. అదే డిజైను, అదే నేవీ, గడువు మాత్రం తర్వాతి నెల. బట్ట వచ్చింది, సైజులు ఎక్కించాలి. మొదటిదాంతో పాటు ఒకే లారీలో దిగిన బట్ట, ఒకే అద్దకం. ఆ షీటు తెరిచి ఈసారి సైజు పేర్లు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను. నేవీ, ఎస్, రెండు వందలు.

ప్రింటు వెనకే లెక్క వేశాను. మా దగ్గర అదనంగా ఉన్న నూట ఎనభై ఎస్ కట్టలు రెండో ఆర్డరుకి ఇచ్చేస్తే, అక్కడ వాటికోసం ఉంచిన బట్ట ఖాళీ అవుతుంది. ఒక్కో ఎస్‌కి రెండుంపావు మీటర్లు, మొత్తం నాలుగు వందల ఐదు. కావలసినది నాలుగు వందల ముప్పై రెండు. తక్కువ ఇరవై ఏడు.

మిగిలింది ముప్పై కదా! మూడుసార్లు కూడి చూశాను.

మేడం అంతా విన్నారు. ముందు నా వంక, తర్వాత ఖాళీ కాజాల పెట్టె వంక చూశారు.

"బట్ట వాళ్లది. వాళ్లని అడక్కుండా ఒక ఆర్డరు బట్ట ఇంకో ఆర్డరుకి వాడటం కుదరదు. నువ్వే మాట్లాడమ్మాయ్. చేసింది నువ్వే కదండి."

పార్టీకి ఫోను కలిపి స్పీకరు పెట్టారు. అవతలి మనిషికి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"అంటే మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదన్నమాట?" అన్నాడాయన.

"పెట్టెలు విప్పితే తెలిసేదండి."

ఆయన నవ్వాడు. రంగు కలిసిందో లేదో చూడటానికి రెండు రోల్స్ ముక్కలూ ఫొటో తీసి పంపమన్నాడు, మొదటి ఆర్డరు గడువు మాత్రం కదలదన్నాడు. ముక్కలు పక్కపక్కన పెట్టి, వెలుతురులో ఫొటో తీసి పంపాం. సరేనన్నాడు. రెండో ఆర్డరు నుంచి మొదటిదానికి బట్ట మార్పు, మొదటిదాని నుంచి రెండోదానికి ఎస్ కట్టల మార్పు, రెండూ సిస్టంలో ఎక్కించాను. నేవీ ఎల్ కటింగ్ ఆ మర్నాడే అయింది. మూడు రంగులూ గడువుకి ఒకరోజు ముందే లారీ ఎక్కాయి.

కుర్చీ విషయం మేడం చెప్పే దాకా నేను అడగలేదు. ఒక పొద్దున నా బల్ల మీద కొత్త షరతు కాగితం పెట్టారు. ఇకపై ప్రతి మాట్రిక్స్ ప్రింటు మీదా కటింగ్ మాస్టారి సంతకం పడ్డాకే కటింగ్‌కి వెళ్లాలి.

"అంటే కుర్చీ నాదేనా మేడం?"

"మరి ఆయన సంతకం ఎవరి కాగితం మీద పెడతారండి?"

మాస్టారు మొదటి ప్రింటు మీద సంతకం పెట్టడానికి చాలాసేపు తీసుకున్నారు. ప్రతి సైజునీ పైకి చదివారు. ఎస్ దగ్గర ఆగి నా వంక అనుమానంగా చూసి మరీ చదివారు. సంతకం పెట్టాక పెన్సిలు చెవిలో పెట్టుకుని, వెళ్లబోయి వెనక్కి తిరిగారు.

"ఇదిగో అమ్మా. ఇరవై ఏడు నాది కాదు, ఒప్పుకున్నాను. ఆ మూడు మీటర్లు నావే కదా?"

"మీవే మాస్టారూ."

"మరి నీ పెట్టిలో ఎక్కడైనా ఎక్కించినావా?"

సాఫ్ట్‌వేర్‌లో దానికి గడి లేదు. రిమార్కులని ఒక ఖాళీ గడి ఉంటే ఆయన ముందే తెలుగులో టైపు చేసి చూపించాను: 'నేవీ, మూడు మీటర్లు, మాస్టారు మిగిల్చినవి.' కళ్లజోడు పైకెత్తి రెండుసార్లు చదివి, ప్రింటు తీయమన్నారు. దాన్ని నల్ల అట్ట నోటుపుస్తకంలో పెట్టుకుని వెళ్లారు.