ఆదివారానికి బదులు బుధవారం

ఆదివారమంతా పనిచేసిన మనిషి దానికి బదులు సెలవు కావాలంటే జ్వరమని అబద్ధం రాయాలా? మీరే చెప్పండి.

పులివెందుల దగ్గర బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నేను చెకింగ్ విభాగంలో పనిచేసేవాణ్ణి. బడి యూనిఫారాలు సోమవారం పొద్దున్నే లారీ ఎక్కాలని ఒక ఆదివారం అందరినీ రప్పించారు. సోమవారం భోజనాల వేళ, కాలర్లు కుట్టే అక్క ఒక కాగితం నా ముందు పెట్టింది.

"తప్పులుంటే దిద్దు అన్నా."

'బుధవారం నాకు జ్వరంగా ఉన్నందున దయతలచి సెలవు ఇప్పించగలరు' అని రాసింది.

"ఏందక్కా, రెండు రోజుల ముందే చెప్పి వస్తాదా జొరం?"

"నవ్వగాకు. ఈడ అందురూ అట్లే రాస్తారు. బుధవారం మాయాయన కువైట్‌కు బయల్దేరతాండాడు. మళ్లా రెండేండ్లకు గానీ రాడు. ఆ రోజు నేను ఇంట్లో ఉండాల."

మూఢనమ్మకాల మీద ఎన్నో చర్చల్లో గొంతు చించుకున్నవాణ్ణి. పైవాడు కరుణిస్తేనే సెలవు దొరుకుతుందనే నమ్మకమంత మొండిదాన్ని మాత్రం ఎక్కడా చూడలేదు. కాగితం చించేశాను. నేను చెబుతుంటే ఆమె మళ్లీ రాసింది: 'అత్యవసర డెలివరీ కోసం ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు పనిచేశాను. ఆ రోజు కుట్టిన బండిళ్ల చీటీల నంబర్లు కింద ఇచ్చాను. బదులుగా బుధవారం సెలవు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.'

కుట్టడానికి ఇచ్చే ప్రతి ముక్కల కట్టకూ, అంటే బండిల్‌కూ, ఒక చీటీ ఉంటుంది. కుట్టినవాళ్లు అందులో సగం చించి దాచుకుంటారు. దానిమీద తారీకు, వాళ్ల నంబరు ఉంటాయి.

ఇద్దరం మేనేజరు దగ్గరకు వెళ్లాం.

"ఆదివారం రిజిస్టర్లో నీ సంతకం యాడుందమ్మా?"

"రిజిస్టరే తెరవలేదు గద సార్. చీటీలుండాయి, చూసుకోండి."

ఆయన చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. "ఏమప్పా, ఇవి నీ మాటల మాదిరుండాయే?"

"మాటలు నావి సార్. పని ఆమెది."

"సరే, వచ్చే వారం తీసుకోమ్మా."

"వచ్చే వారానికి ఆయన కువైట్లో ఉంటాడు సార్."

చట్టం ప్రకారం, వారపు సెలవునాడు పనిచేయిస్తే, దానికి ముందు మూడు రోజుల్లోనో తర్వాత మూడు రోజుల్లోనో బదులు సెలవు ఇవ్వాలి. ఆ సంగతి ముందుగానే నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఇది నేను చెప్పకముందే ఆయనకు తెలుసు. అయినా చెప్పాను. బుధవారంతో గడువు ముగుస్తుందనీ చెప్పాను. ఆయన సంతకం పెట్టాడు. సాయంత్రానికి బోర్డు మీద ఆలస్యపు నోటీసు ఒకటి వెలిసింది: సగం మందికి మంగళవారం, సగం మందికి బుధవారం.

గురువారం అక్క వచ్చింది.

"ఏం మాట్లాడుకున్నారక్కా?"

"ఏమీ లేదన్నా. శానాసేపు ఊరికే కూసున్నాం."

ఆ ఊరికే కూర్చునే రోజు ఎవరి దయా కాదు. రేపు మిమ్మల్ని ఆదివారం పనికి రమ్మంటే, మిషన్ ముందు కూర్చోకముందే బదులు సెలవు ఏ రోజో అడగండి. బోర్డు మీద రాయించండి. వాళ్లు రాయకపోతే మీరే రాసివ్వండి, నకలు మీద తారీకు వేయించి సంతకం తీసుకోండి.