అద్దాల షాపు స్వాగతం

ఏలూరు పాత బస్టాండు దగ్గర రోడ్డుకి ఒక పక్క అద్దాల తలుపుల బట్టల షాపు, రెండో పక్క పరుపులు వేసి చీరలు చూపించే చిన్న కొట్టు ఉండేవి. నేను రెండింట్లోనూ పనిచేశాను. మొదటిదానిలోంచి నన్ను గెంటేశారు. రెండోదానిలో కూర్చుని పగ తీర్చుకున్నాను. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

మాది ఉంగుటూరు దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక రోజూ బస్సులో ఏలూరు వచ్చి అద్దాల షాపులో చీరల సెక్షన్‌లో చేసేదాన్ని. పొద్దున్నే తలుపులు తీయకముందు మమ్మల్ని వరసలో నిలబెట్టి మేనేజరు స్వాగతం చెప్పించేవాడు. "నమస్తే అండీ! మా కుటుంబానికి స్వాగతం. మీ సంతోషంలో మాకు చోటిచ్చినందుకు ధన్యవాదాలు!" చేతులు రెండూ గుండెకి ఆనాలి. పళ్ళు కనిపించాలి. 'అండీ' దగ్గర గొంతు కాస్త పైకి లేవాలి. కొనుక్కుని వెళ్ళేవాళ్ళతో గుమ్మం దగ్గర నిలబడే ఆడపిల్లలిద్దరూ "మళ్ళీ మళ్ళీ రండి!" అనాలి. కొనేవాళ్ళలా నటిస్తూ కంపెనీ మనుషులు వచ్చి మార్కులు వేస్తారని, ఒక్క ముక్క తప్పినా ఆ నెల ఇన్సెంటివ్ పోతుందని మేనేజరు రోజూ గుర్తుచేసేవాడు. ముప్పై ఐదేళ్ళుంటాయేమో, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కాలో ఉండేవాడు.

నాకా మాటలు నోరు తిరగక కాదు. బాగానే చెప్పేదాన్ని. కానీ ఎండన పడి వచ్చిన ముసలావిడ ఎదురుగా నిలబడి ఆయాసపడుతుంటే ముందు స్వాగతం పూర్తి చేసి, తర్వాత మంచినీళ్ళు ఇవ్వాలంటే ఏదోలా ఉండేది. మా ఊరి మనుషులెవరైనా వస్తే నా స్వాగతం విని వెనక్కి తిరిగి చూసేవారు, వేరే ఎవరితోనో అంటున్నానేమో అని.

ఆ రోజు మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. ఒక పెద్దాయన, ఆయన భార్య, వెనకాల ఇంకో ఆడమనిషి. పెద్దావిడ కాళ్ళకి చెప్పుల్లేవు. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. పెద్దాయన నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు.

"ఎర్ర చీర కావాలమ్మా. ఏదైనా పర్లేదు. కొత్తదైతే చాలు."

రంగు చెప్పి, రకం అడక్కుండా, ధర అడక్కుండా నిలబడిన మనిషిని చూడగానే అర్థమైంది. పెద్దాసుపత్రి అక్కడికి దూరం కాదు. ముత్తయిదువుగా పోయిన కూతురి మీద పుట్టింటివాళ్ళు కప్పే చీర అది. నేను స్వాగతం చెప్పలేదు. స్టూలు లాగి, "కూర్చోండమ్మా," అన్నాను. "మీరేం చూడక్కర్లేదండి, నేను తీసిస్తాను," అని పెద్దాయనతో అన్నాను.

రెండు చీరలు దించేలోపే మేనేజరు వచ్చాడు. నా నోట్లోంచి స్వాగతం రాలేదన్నది దూరం నుంచి గమనించాడు. ఆ ముగ్గురి ముందూ చేతులు గుండెకి ఆనించి, పళ్ళు కనిపించేలా నవ్వి, మొత్తం అప్పజెప్పాడు. నేను కళ్ళతో వద్దని సైగ చేశాను.

"నువ్వు చెప్పలేదేం?" అన్నాడు నా వైపు తిరిగి.

"సార్, వాళ్ళు..."

"చెప్పు."

"సార్, ఒక్క నిమిషం పక్కకి రండి."

"ముందు చెప్పు. కస్టమర్ ఎదురుగా వాదనేంటి?"

చెప్పాను. ఉద్యోగం పోతుందన్న భయం నోరు తెరిపించింది. "మీ సంతోషంలో మాకు చోటిచ్చినందుకు" అన్నదాకా వచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు. పెద్దాయన నా ముఖంలోకి చూశాడు. మేనేజరు వైపు కాదు.

"మా సంతోషం ఏంటమ్మా?" అన్నాడు.

మేనేజరు అప్పటికే వేరే సెక్షన్ వైపు నడుస్తున్నాడు. నేను చీర మడత పెట్టి సంచిలో పెట్టాను. వాళ్ళు గుమ్మం దాటుతుంటే ఆ ఆడపిల్లలిద్దరూ ఒకే గొంతుతో "మళ్ళీ మళ్ళీ రండి!" అన్నారు. పెద్దావిడ మెట్ల మీద కూలబడిపోయింది. ఆ ఏడుపుకి రోడ్డు మీద ఆటోలు ఆగాయి.

జనం పోగయ్యారు. కంపెనీకి ఎవరో ఫోన్ చేసి తిట్టారట. మర్నాడు పైనుంచి వచ్చినాయన నన్ను గదిలోకి పిలిచాడు. "చనిపోయినవాళ్ళ మనుషులని తెలిసి కూడా వెటకారంగా మాట్లాడావంట," అన్నాడు. పక్కనే మేనేజరు నిలబడి ఉన్నాడు. "నేను పక్కకి రమ్మన్నా వినలేదు సార్," అన్నాడు. నేను అన్న మాటనే తిప్పి నా మీద వేశాడు. నేను ఏం చెప్పినా ఆ గదిలో విన్నవాళ్ళు లేరు. సాయంత్రానికి నా ఐడీ కార్డు తీసుకున్నారు.

ఉద్యోగం పోయినందుకు అంత మండలేదు. ఆ పెద్దాయనది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. మా పిన్నిని ఇచ్చింది ఆ ఊరే. నెల తిరక్కుండా పిన్ని ఫోన్ చేసి, "చచ్చిపోయిన పిల్లకి చీర కొనడానికెళ్తే నవ్వుతా సంతోషం గురించి మాట్లాడిందంట ఒకమ్మాయి. అది నువ్వేనంటున్నారే, నిజమేనా?" అని అడిగింది. ఆ రోజు నాకు లోపల ఏదో గట్టిపడింది. ఆ పెద్దాయనకి గుర్తున్నది నా ముఖం. చెప్పించినవాడి ముఖం కాదు.

రోడ్డుకి అవతలి చిన్న కొట్టులో మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. షావుకారు గారు అరవై దాటినాయన, నెమ్మదస్తుడు. వచ్చినవాళ్ళని ఆయన పలకరించే తీరుకి ఒక పద్ధతంటూ లేదు. ఒకరితో "ఎండ మండిపోతందండి, ముందు కూర్చోండి" అనేవారు. ఇంకొకరితో "ఏవండీ, పాపకి జ్వరం తగ్గిందా?" అనేవారు. ఒక్కోసారి ఏమీ అనకుండా ఫ్యాను వాళ్ళ వైపు తిప్పేవారు.

నాకు లంకల మనుషులు తెలుసు. వాళ్ళ దగ్గర ఏ నెలలో ఏ మాట ఎత్తాలో తెలుసు. వానాకాలంలో ఎదుటి షాపు ముందు ఒక కుటుంబం లోపలికి వెళ్ళాలా వద్దా అని నిలబడి ఉంటే, నేను మా మెట్టు మీద నుంచే కేకేసేదాన్ని. "ఏవండీ పిన్నిగారూ, మీ రోడ్డు మీద నీళ్ళు దిగాయా?"

ఆవిడ తిరిగి చూసేది. "ఎక్కడమ్మా, ఇంకా మోకాలు లోతు ఉంది. నీకెలా తెలుసు?"

"మా పిన్ని అక్కడేనండి. రండి, కాళ్ళు కడుక్కుందురుగాని."

అంతే, రోడ్డు దాటేవారు. చేపల చెరువులవాళ్ళైతే "పట్టుబడి అయిందా అండీ, బరువొచ్చాయా?" అనేదాన్ని. ఉంగుటూరు వైపువాళ్ళైతే ఊడ్పుల గురించి. క్రిస్మస్ ముందు మా చర్చివాళ్ళు గుంపుగా వస్తే, "కొత్త పాటలు నేర్చుకున్నారా?" అంటే చాలు, గంటసేపు కదిలేవారు కాదు. ఒక్కో కుటుంబం రోడ్డు దాటినప్పుడల్లా అద్దాల వెనక మేనేజరు కోసం చూసేదాన్ని. చేతులు కట్టుకుని నిలబడి చూస్తూ కనిపించేవాడు. అప్పుడు నాకు కలిగిన ఆనందం దాచుకోను.

ఒకరోజు షావుకారు గారు అన్నారు, "అమ్మాయ్, నువ్వు వాళ్ళని పలకరిస్తా ఎదర షాపు కేసి చూస్తన్నావు."

"వాళ్ళకి తెలీదు కదండీ."

"ఇవాళ తెలీదులే," అని ఊరుకున్నారు.

ఆ మాట గుచ్చుకుంది. నీళ్ళు దిగాయా అన్నది కూడా నా నోట్లో అప్పజెప్పే పాఠం అవుతోందేమోనని రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు మళ్ళీ అద్దాల వైపే చూశాను. కాకపోతే, నీళ్ళ సంగతి అడిగాక జవాబు పూర్తిగా వినడం అలవాటు చేసుకున్నాను.

రెండేళ్ళకి అద్దాల షాపులో అమ్మకాలు పడిపోయి మేనేజరుని తీసేశారు. అదంతా నా వల్లే అనను. తాడేపల్లిగూడెంలో ఇంకా పెద్ద షాపు తెరిచారు, చాలామంది అటు మళ్ళారు. కానీ నా వంతు నేను చేశాను.

ఒక మధ్యాహ్నం షావుకారు గారు భోజనానికి వెళ్ళినప్పుడు ఆ మనిషి మా మెట్టెక్కాడు. చొక్కా నలిగి ఉంది. నేను లేచి నిలబడి, చేతులు గుండెకి ఆనించి, పళ్ళు కనిపించేలా నవ్వాను.

"నమస్తే అండీ! మా కుటుంబానికి స్వాగతం. మీ సంతోషంలో మాకు చోటిచ్చినందుకు ధన్యవాదాలు!"

ఆయన అక్కడే ఆగిపోయాడు. "నన్ను గుర్తుపట్టలేదా అండీ?"

"గుర్తుపట్టాకే చెప్పానండి."

పని కోసం వచ్చానన్నాడు. లెక్కలు చూస్తానన్నాడు. ఆ స్వాగతం తను రాసింది కాదని, పైనుంచి వచ్చిందని, చెప్పించకపోతే తనకీ మార్కులు పోయేవని అన్నాడు.

"ఆ మాటలు కంపెనీవండి. 'చెప్పు' అన్నది మీరు. తర్వాత నా మీదికి తోసింది కూడా మీరే."

తల దించుకున్నాడు. "షావుకారు గారికి ఒక మాట చెబుతారా?"

"ముందు నాతో లంకకి రండి. ఆ పెద్దాయన ముందు జరిగింది జరిగినట్టు చెప్పండి. అప్పుడు నేనూ చెబుతాను."

ఆటోస్టాండుకి రమ్మన్నాను కానీ, వస్తాడని అనుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆటోస్టాండుకి వెళ్తే నిలబడి ఉన్నాడు. దారి పొడుగునా చెరువు గట్లే.

పెద్దాయన అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు, చేతిలో పని ఆపేశాడు. మేనేజరు నిలబడే చెప్పాడు.

"ఆ రోజు షాపులో ఈ అమ్మాయి వద్దన్నా నేనే బలవంతంగా అనిపించానండి. తర్వాత తప్పు ఈ అమ్మాయి మీద పెట్టాను. క్షమించండి."

లోపలి నుంచి పెద్దావిడ వచ్చింది. మొత్తం విన్నట్టుంది.

"మా గుమ్మంలోకి రమ్మని నిన్నెవరు పిలిచారు?" అంది మేనేజరుతో. "నా కూతురి చీర చేతిలో పట్టుకుంటే మళ్ళీ రమ్మన్నారు. ఎక్కడికి రమ్మన్నారు? ఎందుకు రమ్మన్నారు? నాకింకో కూతురు లేదు. నడువు!"

పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చారు. మా పిన్ని కూడా వచ్చింది. అందరి ముందూ ఆయన మెడ వంచుకుని ఆటో దాకా నడిచాడు. నేను ఆ నడకని కళ్ళారా చూశాను.

పెద్దాయన నా పక్కకి వచ్చాడు. "నీ మీద చాలా కోపం ఉండేదమ్మా. ఇక లేదు. ఆయన్ని మాత్రం ఇంకెప్పుడూ తీసుకురాకు."

తిరుగుదారిలో, ఏలూరు వస్తోందనగా, మేనేజరు అడిగాడు. "మరి షావుకారు గారికి చెబుతారా?"

"చెబుతానండి."

మర్నాడు పొద్దున్న కొట్టు తీయగానే చెప్పాను. "అద్దాల షాపు మేనేజరు పని అడుగుతున్నాడండి. పెట్టుకోవద్దు."

షావుకారు గారు గల్లాపెట్టె తాళం తీస్తూ అడిగారు. "నిన్న ఆయన్ని లంకకి తీసుకెళ్ళావంట కదమ్మా?"

"తీసుకెళ్ళానండి."

"చెప్పాల్సింది చెప్పాడంట కదా?"

"చెప్పాడండి. అయినా వద్దు."

ఆయన ఆ మనిషిని పెట్టుకోలేదు. నేను చెబుతానన్నాను, ఏం చెబుతానో అనలేదు. అది మోసమని మా పిన్ని అంటుంది. అననివ్వండి. ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని, చేపల పులుసుతో, కడుపు నిండా అన్నం తిన్నాను.