మెడ దగ్గరి లేబుల్

పరాయి దేశంలో ఒక బట్టల షాపులో ట్రయల్ రూముల ముందు నిలబడటం నా ఉద్యోగం. ఎన్ని బట్టలు లోపలికి తీసుకెళ్తున్నారో చూసి, ఆ అంకె ఉన్న బిళ్ల చేతికిస్తాను. బయటికొచ్చాక బిళ్లా బట్టలూ సరిచూసుకుంటాను. తొమ్మిదేళ్లుగా ఇదే పని. మనిషి నడిచొస్తుంటేనే సైజు చెప్పేస్తాను. ఆ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉంది.

నేను "మీడియం" అని పేరుపెట్టుకున్న ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చేతిలో మా షాపు సంచీ, అందులో ట్యాగు ఊడని గళ్ల గౌను, బిల్లు ఉన్నాయి. ఇక్కడి భాష రాదు. గౌను చూపించి, నడుము చూపించి, చేతులు వెడల్పు చేసింది. మా మేనేజరమ్మ వాపసు అనుకుని డబ్బు తిరిగివ్వడానికి మిషను దగ్గరికి నడిచింది.

"దేవుడా, ఈవిడకి ఎలా చెప్పేది!" అంది గౌను తెచ్చినావిడ, తెలుగులో.

"ఏమైందమ్మా?" అన్నాను.

"అక్కా, మనవాళ్లా! డబ్బు వాపసు వద్దని చెప్పండక్కా. కార్డులో పడితే ఆయన ఫోనుకి మెసేజి వెళ్తుంది. ఇదే గౌను, ఒక సైజు పెద్దది కావాలి. అంతే."

ధర ఒకటే కాబట్టి కార్డు ముట్టకుండానే సైజు మార్చొచ్చు. అదే చెప్పి, లార్జ్ తీసిచ్చి ట్రయల్ రూములోకి పంపాను. అయిదు నిమిషాలకి తలుపు తీసింది. చేతులు పైకెత్తింది, బల్ల మీద కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది.

"ఊపిరాడుతోందక్కా," అని నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆరిపోయింది.

"ఏం?"

"బట్టలు మడతపెట్టేటప్పుడు ఆయన మెడ దగ్గర లేబుల్ చూస్తారు. పెళ్లినాడు నాది మీడియం. ఇద్దరు పిల్లలు పుట్టినా మీడియమే ఉండాలట. లార్జ్ అని కనబడిందంటే ఇక నేను తినే ప్రతి ముద్దా లెక్కపెడతారు."

ఒళ్లు మండింది. "ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి లార్జ్ అమ్మా! ఆ అక్షరానికేం విలువ?" అన్నాను. "ఆయనకి చెప్పండి," అంది.

చెప్పడం ఆమెకి చేతకాదని చూస్తేనే తెలుస్తోంది. నాకు మాత్రం తెలివి ఎక్కువైంది. "మా షాపుదే పాత మీడియం ఏదైనా ఇంట్లో ఉందా? దాని లేబుల్ విప్పి తీసుకురా. సైజు మార్చుకున్నాక గౌను నీది, నీ ఇష్టం," అన్నాను.

మర్నాడు ఆ లేబుల్ తెచ్చి, గౌను లార్జ్‌కి మార్చుకుంది. భోజనాల గదిలో పది నిమిషాల్లో లార్జ్ లేబుల్ విప్పి మీడియం కుట్టేశాను. పక్క కుట్టులో ఉన్న చిన్న చీటీ కూడా కత్తిరించేశాను. పెళ్లికాక ముందు మిషను కుట్టిన చెయ్యి, అనుమానం రానిస్తుందా? ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ రోజంతా ఏదో ఘనకార్యం చేసినట్టు తిరిగాను.

నెల తిరిగేసరికి ఆ గౌనులోనే వచ్చింది, భర్తతో. నన్ను చూసి తెలుగుదాన్నని పోల్చుకున్నాడు.

"చూడండి మేడమ్, మీడియం ఈవిడకి ఎంత లూజైపోయిందో! నేను పట్టుబట్టి రాత్రి తిండి మాన్పించబట్టే కదా. ఇక స్మాల్‌కి వచ్చేసినట్టే. ఒక మంచి గౌను తీయండి."

"స్మాల్ అయిపోయాయండీ," అన్నాను.

"ఇదిగో, ఇక్కడ ఉందిగా!" అంటూ తనే హేంగరు లాగాడు.

"ఒకసారి వేసుకుని చూడనివ్వండి, అసలే ఈ రకం బాగా బిగుతు."

"చూడక్కర్లేదు. కాస్త బిగుతుగా ఉంటేనే నోరు అదుపులో ఉంటుంది. ట్యాగు తీసేయండి, ఎల్లుండి ఫంక్షన్‌కి ఇదే." మేనేజరమ్మ మా వైపే చూస్తోంది. కొనుక్కునేవాడు అడిగితే తీయాలి. కత్తెర తీసి ట్యాగు కత్తిరించి, బిల్లు కోసం అతని చేతికిచ్చాను. ఇక ఆ గౌను మార్చుకోవడానికీ పనికిరాదు, వాపసుకీ పనికిరాదు.

నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే మోసం చేసిందని తిట్లు తినేది ఆమె. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే. ఆ చెడు కూడా నాకు కాదు, ఆమెకి ఎదురైంది.

అతను కార్డు గీకడానికి కౌంటరు దగ్గరికి వెళ్లాడు. ఆమె నా పక్కన నిలబడి ఆ స్మాల్ గౌనుని మడతపెడుతోంది. మొహంలో కోపం కూడా లేదు.

"ఆ మొదటి మీడియంలో కనీసం కూర్చోగలిగేదాన్ని అక్కా," అంది.