మామ పెట్టిన పెండ్లి అర్జీ

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఆదోని తాలూకా కచేరీలో గుమాస్తా. ఊళ్లో వాళ్లందరికీ అర్జీలు రాసిపెట్టే ఆ మహానుభావుడు తన సొంత అర్జీని మాత్రం గంగలో కలిపాడు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఆయనతోనే నా పెళ్లి కుదిరింది. మా నాన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు కాబట్టి బట్టలు మావి; పందిరి, భోజనాలు, తాళి మామవి. ఆ ఖర్చుకు తన ప్రావిడెంటు ఫండులోంచి కొంత తీసుకుంటానన్నాడు.

ఒక ఆదివారం ముఖం వేలాడేసుకుని బస్సు దిగి వచ్చాడు.

"తాసిల్దారు ఇయ్యనన్నాడక్కా. ఫండులోంచి పెండ్లికి తీసుకోవాలంటే అది నా పెండ్లన్నా కావాల, నా మీద ఆధారపడినోళ్లదన్నా కావాలంట."

"మరి ఇది నీ పెండ్లే గదరా," అంది అమ్మ.

మామ నేల చూపులు చూస్తూ గొణిగాడు. "అక్క కూతురి పెండ్లి అని రాసినా."

తన పెళ్లికి తానే డబ్బు అడగడానికి సిగ్గట. పిల్లకు మగ్గం నేసే తండ్రి ఉండగా నీ మీద ఆధారపడిందెట్లా అని తాసిల్దారు కొట్టేశాడు. నేను తలుపు చాటున పడీ పడీ నవ్వాను.

"ఫండు లెక్క చేతికి రాకుంటే పెండ్లి వచ్చే ఏడు పెట్టుకుందాంలే," అన్నాడు నాన్న.

దాంతో నా నవ్వు కాస్తా ఎగిరిపోయింది. ఇంకో ఏడాది ఆగే ఓపిక నాకు లేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది, మామంటే నాకు ప్రాణం.

"పోయి ఉన్నమాట చెప్పు మామా," అన్నాను.

"ముందొకటి రాసి ఇప్పుడొకటి సెప్తే దొంగనంటాడు."

ఇక ఈయనతో అయ్యే పని కాదని మర్నాడే లగ్నపత్రిక తీసుకుని, అమ్మను వెంటబెట్టుకుని ఆదోని పోయాను. మమ్మల్ని చూసి మామ ఫైళ్ల వెనక దాక్కున్నాడు.

తాసిల్దారు మంచివాడే. "పెళ్లికొడుకెవరమ్మా?" అని అడిగాడు.

కట్టుకోబోయేవాడి పేరు నోటితో చెప్పకూడదని మా అమ్మ కట్టడి. ఫైళ్ల వైపు వేలు చూపించాను. ఆయన అటు చూసి, నేనిచ్చిన లగ్నపత్రికలో పేరు చూసి, మళ్లీ అటు చూశాడు.

"ఏమయ్యా, నీ పెళ్లా? ఈ ముక్క ముందే రాసి చావొచ్చు గదా. మూడు నెలల జీతమో, ఫండులో ఉన్నదాంట్లో సగమో, ఏది తక్కువైతే అది వస్తుంది. నెలనెలా జీతంలో పట్టుకుంటాం. ఇంకో అర్జీ రాయి."

మామ కాగితం తీసుకున్నాడు. కలం మాత్రం కదల్లేదు. ఆ వాలకం చూసి తాసిల్దారుకు ఏ అనుమానమొచ్చిందో, నా వైపు తిరిగాడు.

"నీకిష్టమేనా తల్లీ? ఇంట్లో వాళ్లు బలవంతం చేస్తున్నారా?"

"బలవంతం నేనే చేస్తాండా సార్," అన్నాను.

కచేరీ అంతా గొల్లున నవ్వింది. అమ్మ నా చెయ్యి గిల్లింది. మామ తలెత్తి, అందరి ముందూ, మొదటిసారి నన్ను కళ్లారా చూశాడు. ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టాడు.