మహజబీన్ ముందే పెట్టిన మందు

మా ఆదోనిలో వైద్యాన్ని సీసాలతో కొలుస్తారు. రోగి మంచం పక్కన ఎన్ని సెలైన్ సీసాలు వేలాడితే అంత గొప్ప డాక్టరు. ఈ తెలివికి నా శతకోటి దండాలు. డాక్టర్ మహజబీన్‌కు మాత్రం ఆ విద్య ఒంటబట్టలేదు. జ్వరమని వస్తే పరీక్ష చేసి, మాత్రలు రాసి, నీళ్ళు బాగా తాగమంటుంది. "సూది ఎయ్యదు, గ్లూకోజు ఎక్కియ్యదు, ఈమేం డాక్టరప్పా!" అని మూతి తిప్పుకుని పోయేవాళ్ళను రోజూ చూస్తుంటాను. నేను అదే ప్రైవేటు ఆసుపత్రిలో మత్తు డాక్టరును.

ఆమె తండ్రి సర్దార్ పత్తి మార్కెట్టు వెనక పరుపులు కుట్టేవాడు. ఆ దూది దుమ్ములోనే కూతురిని కర్నూలులో ఎండీ దాకా చదివించాడు. చదువయ్యాక పెద్ద ఊళ్ళు పిలిచినా పోకుండా, "మన ఊర్లో ఐసీయూ చూసేటోళ్ళు లేరు గదా" అని ఆర్నెల్ల కింద తిరిగి వచ్చింది. వచ్చి మా కళ్యాణ్ చేతిలో పడింది.

కళ్యాణ్ ఈ ఆసుపత్రి యజమాని. డాక్టరు కూడానట. పుస్తకం మూసి ఎన్నేళ్ళయిందో తెలియదు గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బీపీ పడిపోయిందంటే ఆయనకు తెలిసినవి రెండే: సీసా, బీపీ లేపే పాత మందు డోపమిన్. వాటికి లొంగకపోతే, మనిషి చేయి దాటిపోయాక, నార్‌అడ్రినలిన్ అనే మందు తగిలించి "కర్నూలుకు తీసుకుపొండి" అంటాడు. అప్పుడు పెట్టిన మందు ఎవరిని నిలబెడుతుంది? దారిలో కోడుమూరు చేరేలోపే చాలామంది పోయేవారు. అందుకే మా చుట్టుపక్కల ఊళ్ళల్లో దానికి 'ఆఖరి మందు' అని పేరు పడింది. పేరు పెట్టింది జనం, పెట్టించింది కళ్యాణ్.

ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి వెంకటేశ్వరమ్మను తెచ్చారు. మగ్గం నేసే మనిషి, షుగరు ఉంది. మూత్రంలో చీము పట్టి జ్వరం వస్తే, అక్కడి సూదుల డాక్టరు నొప్పికి సూదులు పొడిచి పొడిచి, మాట తడబడ్డాక వదిలిపెట్టాడు. మహానుభావుడు! కొడుకు రామాంజనేయులు ఆమెను ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని వచ్చాడు. బీపీ అందలేదు. కాళ్ళు చల్లగా, మోకాళ్ళ మీద చర్మం మచ్చలు మచ్చలుగా ఉంది.

మహజబీన్ ఒక్క మాట వృథా చేయలేదు. ఏ క్రిమో తేల్చే కల్చర్‌కు రక్తం తీయించి, వెంటనే యాంటీబయాటిక్ ఇప్పించింది. ఒంటి బరువును బట్టి లీటరున్నర సెలైన్ వేగంగా పంపించింది. లాక్టేట్ చూసింది. ఒంట్లో కండకూ అవయవాలకూ రక్తం చాలనప్పుడు రక్తంలో పేరుకునేది అది. రెండు లోపల ఉండాల్సింది ఆరు ఉంది. ద్రవం ఎక్కాక మళ్ళీ చూస్తే ఆరుకు కొంచెం తక్కువ, అంతే. బీపీ కూడా లేవలేదు.

"ఇంకో రెండు లీటర్లు ఎక్కించు, డోపమిన్ పెట్టు. పైది నూట ఇరవై రావాల" అన్నాడు కళ్యాణ్, గుమ్మం దగ్గరే నిలబడి.

ఆమె రోగి కాళ్ళు రెండూ పైకెత్తించి, ఎకో ప్రోబుతో గుండెను చూసింది. కాళ్ళలో రక్తం పైకి వచ్చినా గుండె తోసే రక్తం పెరగలేదు. ఊపిరితిత్తుల అడుగున అప్పుడే నీరు చేరుతున్న తడి శబ్దం మొదలైంది.

"నీళ్ళు ఇంక పనికిరావు సార్. రక్తనాళాలు సడలిపోయినాయి, వాటిని బిగించాల. నార్‌అడ్రినలిన్ పెడ్తాను. సగటు బీపీ అరవై ఐదు చాలు. నూట ఇరవై కోసం మందు తోస్తే వేళ్ళు నల్లబడ్తాయి, గుండె అదురుతాది."

చిల్లుకుండలో నీళ్ళు పోస్తూ కూర్చునేవాడికి కుండ సంగతి చెబితే ఎక్కుతుందా? కళ్యాణ్ ముఖం గంటు పెట్టుకున్నాడు. మహజబీన్ రోగి మోచేతి దగ్గరి మంచి నరంలోంచి, కొలిచి మందు తోసే పంపు మీద నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టింది. ఆ మందు కోసం మెడలోని పెద్ద నరంలో గొట్టం వేసే పని నాది, దానికి సామాను సిద్ధం చేసుకుంటున్నాను. సగటు బీపీ అరవై ఐదుకు వచ్చింది. గోరు నొక్కి వదిలితే ఎరుపు ముందుకన్నా త్వరగా తిరిగి వస్తోంది.

లాక్టేట్‌కు మళ్ళీ రక్తం తీసుకుని ఆమె మిషను దగ్గరికి పోయింది. అంతలో రామాంజనేయులు పంపు మీది పేరు చూశాడు.

"ఇది ఆఖరి మందు గదా! మాయమ్మ పోతాందని మాకు చెప్పకుండానే పెట్టినారా? తీసెయ్యండి!" అని అరిచాడు.

కళ్యాణ్‌కు అంతకన్నా ఏం కావాలి? "సరేలేప్పా, మారుస్తాం" అని పంపు ఆపించి, డోపమిన్ తగిలించాడు. నేను వద్దన్నాను. నీ పని మత్తు ఇవ్వడం అన్నాడు. మంచం మీద మనిషి ప్రాణం కన్నా గుమ్మం దగ్గర గొడవ ఆయనకు పెద్దది. థూ!

కాసేపట్లోనే మానిటరు గోల మొదలుపెట్టింది. గుండె గతి తప్పి నూట యాభై దాటింది. బీపీ మళ్ళీ పాతాళానికి పడింది. వెంకటేశ్వరమ్మ కళ్ళు తేలేసింది. కళ్యాణ్ "డోసు పెంచు, పెంచు" అంటూ చేతులు పిసుక్కున్నాడు.

మహజబీన్ పరుగున వచ్చి చూసి, ముందు డోపమిన్ ఆపేసింది. నార్‌అడ్రినలిన్ గొట్టం చేతిలోకి తీసుకుంది. రామాంజనేయులు ఆమెకు అడ్డం వచ్చాడు.

"మేడమ్, నీ కాల్మొక్కుతా. ఆ మందు పెట్టినోళ్ళు యాడన్నా బతికినారా? నేనైతే ఒక్కర్ని గూడ సూడలే."

ఆమె గొంతు పెంచలేదు. "ఆఖర్న పెడ్తే ఆఖరి మందే అయితాదప్పా. ఇది మొదులే పెట్టాల్సింది. ఇంతకు ముందు మీయమ్మ బీపీ నిలబడింది దీంతోనే. పక్కకు జరుగు."

వాడు జరగలేదు. తల్లి ముఖం కేసి చూశాడు, మానిటరు కేసి చూశాడు. కళ్యాణ్ మాట్లాడతాడేమోనని అతని కేసి కూడా చూశాడు. అక్కడ ఏముంది చూడ్డానికి? చివరికి వాడు మంచం చివరకు తప్పుకుని ఏడవడం మొదలుపెట్టాడు.

మందు మళ్ళీ మొదలైంది. నేను మెడలో గొట్టం వేశాను. డోపమిన్ విషం దిగేకొద్దీ గుండె దారికి వచ్చింది. సగటు బీపీ అరవై ఐదు దగ్గర నిలబడింది, మహజబీన్ దాన్ని అక్కడి నుంచి పైకి పోనివ్వలేదు. లాక్టేట్ నాలుగుకు వచ్చింది. మూత్రం సంచిలో చుక్కలు పడ్డాయి. మరునాటికి లాక్టేట్ రెండు లోపలికి దిగితే మందు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చింది. దాన్ని పూర్తిగా ఆపేశాక, వెంకటేశ్వరమ్మ కళ్ళు తెరిచి కాఫీ అడిగింది.

అప్పుడొచ్చాడు కళ్యాణ్. తెల్లకోటు ఇస్త్రీ నలగలేదు. మంచం పక్కన నిలబడి, "సూసినావా, మా ఆసుపత్రి అంటే అట్లుంటాది. మీయమ్మను బతికించినాం" అని రామాంజనేయులు భుజం తట్టాడు. సిగ్గు అనేది అంగట్లో దొరికితే ఆయనకు ఒక కేజీ కొనిపెట్టేవాణ్ణి. మహజబీన్ కేసు షీటులోంచి తల కూడా ఎత్తలేదు.

రామాంజనేయులు ఆ చేతిని మెల్లగా భుజం మీది నుంచి తీసేశాడు.

"సార్, పోయిన ఏడాది మా నాయనను గూడ ఈడికే తెచ్చినాం. ఆయప్పకు గూడ ఇట్లనే బీపీ పడింది. రాత్రంతా సీసాలు ఎక్కించినారు. తెల్లారినాక ఈ మందు పెట్టి, కర్నూలుకు తీస్కపోండి అంటిరి." వాడు తల్లి కేసి చూశాడు. "మొదులే పెట్టింటే మా నాయన గూడ కాఫీ అడిగేటోడా సార్?"

కళ్యాణ్ మోగని ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచాడు. రామాంజనేయులు జవాబు కోసం మహజబీన్ వైపు తిరిగాడు.