ఖాళీ షిఫ్టులో చేసిన డబ్బా ధర

తెలంగాణ ఉద్యమం రోజులవి. మాదాపూర్‌లో మా కంపెనీ టికెట్ మెషీన్లు తయారుచేసే విభాగానికి ఇనుప డబ్బాలు కావలసి వచ్చాయి. బాలానగర్‌లోని మా సొంత ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు ఖాళీగా ఉంది. రేకు, పెయింటు, డబ్బాకింత చొప్పున ఇచ్చే కూలీ కలిపి ఒక్కోదానికి ఆరువందలు ఖర్చు. బయట ఎనిమిది వందలకు అమ్ముతున్నారు. మా ఫ్యాక్టరీ మేనేజరు మాత్రం షెడ్డు అద్దె, జీతాలు కూడా కలిపి వెయ్యి అడిగారు.

"డబ్బాలు చేసినా చేయకపోయినా ఆ అద్దె కట్టాల్సిందేగా సార్!" అని మెషీన్ల విభాగంలో అకౌంట్స్ చూసే నేను నెల రోజులు మొత్తుకున్నాను.

"నష్టానికి అమ్మనండీ," అన్నారాయన.

ఒకరోజు మాదాపూర్‌లో జరిగిన మీటింగులోనూ అదే పాట. బయటికొచ్చేసరికి బంద్, బస్సుల్లేవు. బాలానగర్‌కు తిరిగిపోతున్న ఖాళీ ఆటో ఒక్కటే దొరికింది.

"ఎలాగూ ఖాళీగా పోతున్నావు, డీజిల్ డబ్బులిస్తే మిగిలినట్టేగా?" అని మేనేజరు బేరం మొదలెట్టారు.

"ఇంకో ఆటో ఉంటే జర చూస్కో సారూ," అన్నాడు డ్రైవరు.

లేదు. అడిగినంతా ఇచ్చి ఎక్కారు.

"మీ డబ్బాలకైతే బయట ఇంకో ఆటో ఉంది సార్, ఎనిమిది వందలకే," అన్నాను.

మర్నాడు డబ్బా ఏడువందలకు ఇస్తానని సంతకం పెట్టారు. ఆటో కిరాయి మాత్రం మా విభాగం ఖర్చులో రాయించారు.