కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు

మా చర్చిలో ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతుంటే మధ్యలో ప్రశ్నలు వేయరు. జబ్బు నయమైందంటే ఏ డాక్టరు చూశాడని అడగరు. ఉద్యోగం వచ్చిందంటే ఎవరి సిఫార్సని అడగరు. "స్తోత్రం" అంటారు, అంతే. దీన్ని నేను తప్పు పట్టను. కష్టపడ్డ మనిషి పదిమంది ముందు నోరు విప్పాలంటే ఆ మాత్రం మర్యాద ఉండాలి. కానీ ఆ మర్యాదని ఎవరో ఎత్తుకెళ్ళి, తార్నాకలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద దుకాణం పెట్టారు. ఇన్నేళ్ళయినా దాని మీద నా కోపం చల్లారలేదు.

తొంభైల చివర్లో జరిగిన సంగతి ఇది. నేను క్యాంపస్‌లో ఎమ్మే చదువుతున్నాను. నాన్న పోయాక అమ్మ, అక్క, నేను తార్నాకలో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్ళం. అమ్మ గుంటూరు వైపు మిషన్ స్కూల్లో పంతులమ్మగా చేసి, నాన్న ఉండగానే రిటైరై ఇక్కడికి వచ్చింది. అక్క విద్యానగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న క్లాసులకి చెప్పేది. ఆ వేసవికి ముందు స్కూలు చేతులు మారింది. కొత్త యాజమాన్యం బీఎడ్ లేనివాళ్ళని ఇంటికి పంపింది, అందులో అక్క ఉంది. రావలసిన జీతం బకాయి ఇచ్చారు. అమ్మ పెన్షన్ అద్దెకీ ఇంటి ఖర్చుకీ సరిపోయేది. అక్కకి తనదంటూ మిగిలింది ఆ బకాయి ఒక్కటే, అది పోతే మళ్ళీ కూడబెట్టే దారి లేదు.

పదిహేను రోజులు అక్క గడప దాటలేదు. స్కూలు పిల్లల తల్లులు బజారులో కనిపిస్తారని కూరగాయలకి కూడా నన్నే పంపేది. నాకు జాలి వేసేది, చిరాకూ వేసేది.

అప్పుడే అక్క ముందుకి రెండు దారులు వచ్చాయి. మొదటిది నా ద్వారానే. మా డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అన్న ఒకాయన ఉండేవాడు, నల్గొండ వైపు పల్లెటూరి మనిషి. హాస్టల్లో ఉంటూ పోటీ పరీక్షలకి చదువుతున్నాడు. ఒకరోజు పుస్తకాల కోసం మా ఇంటికి వచ్చి, అక్క పెట్టిన పప్పుచారు అన్నం తిన్నాడు. మళ్ళీ అడిగి వడ్డించుకున్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"అక్కా, ఎండాకాలం సెలవులల్ల మా మెస్ బంద్ అయితది. రూములల్ల మేము ఇరవై మందిమి ఉంటం, చదువుకునేటోళ్ళం. బయట తిని తిని కడుపులు ఖరాబైతున్నయ్. నువ్వు పగటీలి అన్నానికి క్యారియర్లు కట్టిస్తవా? మేమే సైకిళ్ళ మీద వచ్చి తీస్కపోతం."

"ముందు నేనేమైనా కట్టాలా బాబూ?" అని అడిగింది అక్క. డబ్బు కట్టి చేరే పని ఒకటుందని చర్చిలో ఎవరో అప్పటికే ఆమె చెవిలో వేశారని నాకు తెలియదు.

ఆయన నవ్వాడు. "నువ్వెందుకు కడతవక్కా? తినేటోళ్ళం మేము. వారం వారం మేమే కడతం. బాగలేకుంటే బంద్ చేస్తం, గంతే."

ఆయన వెళ్ళాక అమ్మ మొహం చిట్లించింది. "పంతులమ్మ కూతురు, తనూ పంతులమ్మే, హాస్టలు కుర్రాళ్ళకి అన్నం అమ్ముకుంటుందా? చర్చిలో ఏమని చెప్పుకోను?" అక్క తల దించుకుంది. ఆ తల దించుకోవడం చూసి నాకు అమ్మ మీద ఒళ్ళు మండింది.

రెండో దారి మా చర్చిలో ఒక పెద్దాయన భార్య తెచ్చింది. ఆయన యూనివర్సిటీ ఆఫీసులో క్లర్కు, మాకు అంకుల్, ఆవిడ ఆంటీ. మంచివాళ్ళే, అది దాచను. నాన్న పోయినప్పుడు మా ఇంట్లో మూడు రోజులు వంట చేసింది ఆవిడే. క్యారియర్ల మాట వచ్చిన రెండ్రోజులకి చేతిలో నిగనిగలాడే ఒక డబ్బాతో వచ్చింది. ఒంట్లో శక్తి పెంచే పొడి అట. ఒకసారి చేరడానికి రుసుం కడితే ఆ డబ్బాలున్న కిట్టు ఇస్తారు. ఆ తర్వాత నీ కింద కుడివైపు ఒకరిని, ఎడమవైపు ఒకరిని చేర్చాలి. వాళ్ళు చెరో ఇద్దరిని చేరుస్తారు. రెండు వైపులా జతలు పడినప్పుడల్లా నీకు కమిషన్.

"కష్టమేం లేదమ్మా, నలుగురితో మాట్లాడడమే. నీకు పేరు కూడా ఉంటుంది, బిజినెస్ అసోసియేట్ అని" అంది ఆంటీ. అమ్మ మొహం వెలిగింది. అక్క మొహం కూడా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అక్క తెలివితక్కువది కాదు. ఆమెకి కావలసింది డబ్బు కంటే ముందు, ఎవరైనా "ఏం చేస్తున్నావు" అని అడిగితే చెప్పుకోవడానికి ఒక మాట. అలాంటివాళ్ళ కోసమే ఇలాంటివి కాచుకుని కూర్చుంటాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పొడి కంపెనీ సభకని ఫంక్షన్ హాలు మేడ మీదకి వెళ్ళాం, ముగ్గురం. అక్క బ్యాగులో కట్టాల్సిన రుసుం ఉంది. హాల్లో సగం మంది మా చర్చివాళ్ళే. ముందు ఒక పాట, చప్పట్లు. తర్వాత ఒకాయన టై కట్టుకుని లేచాడు. తను చిన్న గుమాస్తాననీ, అప్పుల్లో మునిగాననీ, ఇందులో చేరాక మోటారుసైకిల్ కొన్నాననీ చెప్పాడు. గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. నా పక్కనున్న అమ్మ తనకి తెలియకుండానే "స్తోత్రం" అంది. మోటారుసైకిల్‌కి స్తోత్రం! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకొకాయన బోర్డు మీద సున్నాలు గీశాడు. పైన ఒకటి, కింద రెండు, వాటి కింద నాలుగు, ఎనిమిది. ఆ సున్నాలన్నీ ఆదాయమేనని అందరూ చూస్తున్నారు. నేను లెక్క వేసుకున్నాను. ఎక్కడ ఆపినా, చివరి వరుసలో ఉన్నవాళ్ళు పైనున్న వాళ్ళందరినీ కలిపినదానికంటే ఎక్కువమందే. వాళ్ళ కింద మాత్రం ఎవరూ ఉండరు. అంటే ఈ ఆట ఎప్పుడు ఆగినా సగానికి పైగా జనం కట్టి ఊరుకున్నవాళ్ళే. ఇరవై వరుసలు దిగితే చివరి వరుసకే పది లక్షల మంది కావాలి. తార్నాక, నల్లకుంట, అంబర్‌పేట్ అన్నీ కలిపి కూర్చోబెట్టినా చాలరు.

లేచి నిలబడ్డాను.

"ఇందులో చేరకుండా, ఊరికే పొడి బాగుందని డబ్బా కొన్నవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా?"

అంకుల్ నా వైపు తిరిగి, "సాక్ష్యాలు జరుగుతున్నాయి కదమ్మా, తర్వాత అడుగుదువు" అన్నాడు.

"ఇది చర్చి కాదు అంకుల్, వ్యాపారం. వ్యాపారంలో అడగాలి. కొత్తవాళ్ళెవరినీ చేర్చకుండా, డబ్బాలు అమ్మి మాత్రమే సంపాదించినవాళ్ళు ఒక్కరు చెప్పండి చాలు. అమ్ముడుపోని డబ్బాలు వెనక్కిస్తే డబ్బు తిరిగిస్తారా? అదైనా చెప్పండి."

టై కట్టుకున్నాయన జాలిగా నవ్వాడు. "గెలవాలనుకునేవాళ్ళు ఓడిపోవడం గురించి అడగరు చెల్లెమ్మా." చప్పట్లు కొట్టారు. నిజంగా కొట్టారు! జవాబు చెప్పకుండా చప్పట్లు కొట్టించుకోవడం నేను అక్కడే చూశాను. అమ్మ నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది. అక్క నా వైపు చూడలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సభ అయ్యాక ఆంటీ ఫారం తెచ్చి అక్క ముందు పెట్టింది. ఇవాళే చేరితే ఒక డబ్బా అదనంగా ఇస్తారట, రేపైతే ఇవ్వరట. అక్క బ్యాగు తెరిచింది. డబ్బు మీద చెయ్యి పెట్టి, అక్క ఆగింది.

"ఆంటీ, నాకు అమ్మడం చేతకాదు. నా కింద ఎవరు చేరతారు?" అని అడిగింది.

"అయ్యో, నీకేం తక్కువమ్మా!" అంది ఆంటీ ప్రేమగానే. "నీ దగ్గర చదువుకున్న పిల్లల తల్లులు లేరూ? టీచరమ్మ చెబితే కాదంటారా? మీ చెల్లి క్లాసు అమ్మాయిలు ఉన్నారు. ఆ హాస్టలు కుర్రాళ్ళు ఉన్నారు. ముందు తెలిసినవాళ్ళ పేర్లన్నీ రాయమంటారు, అదే మొదటి పని."

అక్క ఫారం వెనక్కి జరిపింది. తర్వాత బ్యాగు మూసేసింది.

"అంటే నా పనితో వీళ్ళకి పనిలేదన్నమాట. నన్ను నమ్మినవాళ్ళు కావాలి" అంది. గట్టిగా అనలేదు, కానీ చుట్టూ ఉన్నవాళ్ళకి వినబడింది. "ఆ తల్లులు వాళ్ళ పిల్లలని నా చేతుల్లో పెట్టారు ఆంటీ. వాళ్ళకి ఈ డబ్బా అంటగట్టలేను. క్యారియర్లు కడతాను, అది చాలు నాకు."

మెట్లు దిగుతుంటే అక్క ముందు నడిచింది. నేను అడిగిన ప్రశ్నలన్నిటికంటే ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్నే పనిచేసింది. ఆ సంతోషంలో నేను మాట్లాడబోతే, "నువ్వు నోరు ముయ్యి, పరువు తీశావు" అని తిట్టింది కూడా. మూసుకున్నాను.

క్యారియర్ల పని తేలికేం కాదు. మొదటి వారమే సాంబారు మాడింది. ఇద్దరు కుర్రాళ్ళు మానేశారు. గ్యాసు మధ్యలో అయిపోతే కిరోసిన్ స్టవ్ మీద వండి, కళ్ళు మండుతూ ఆలస్యంగా పంపింది. బియ్యం, పప్పు, నూనె పోను చేతిలో మిగిలేది కొంచెమే. ఆంటీ చూపించిన సున్నాలతో పోలిస్తే అది నవ్వుకునేంత. కానీ ఎందుకు మిగిలిందో, ఎందుకు మిగల్లేదో అక్కకి తెలిసేది. కూరలో నూనె తగ్గించమన్నారు, తగ్గించింది. మానేసిన ఇద్దరిలో ఒకడు తిరిగొచ్చాడు. ఇంకెవరినైనా తీసుకురమ్మని ఆమె వాళ్ళని అడగలేదు, అయినా పక్క హాస్టల్ నుంచి నలుగురు వచ్చారు. ఉల్లిపాయలు తరుగుతూ అక్క పాడుకుంటుంటే విని నేను పక్కగదిలో కళ్ళు తుడుచుకున్నాను.

చర్చిలో మాత్రం మమ్మల్ని వెలేసినట్టే చూశారు. ఆంటీవాళ్ళు పలకరించడం మానేశారు. అంకుల్ ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపి, పెద్దల మీద అనుమానం పాపమని చెప్పాడు. "డబ్బాలెన్ని అమ్ముడుపోయాయి అంకుల్?" అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. అమ్మ ఇదంతా చూసి కుమిలిపోయేది. ఎవరైనా అడిగితే పెద్దమ్మాయి ట్యూషన్లు చెబుతోందని చెప్పేది. అక్క వినీ విననట్టు ఊరుకునేది. అది మాత్రం నాకు గుచ్చుకునేది.

వర్షాలు మొదలయ్యే వేళకి మెస్ తెరిచినా అక్క క్యారియర్లు ఆగలేదు. ఆ హాలుకి మాత్రం తాళం పడింది. కంపెనీవాళ్ళు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. మా చర్చివాళ్ళ చాలా ఇళ్ళల్లో మంచాల కింద డబ్బాలు మిగిలాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆంటీ మా దగ్గరికి వచ్చింది, చాలా చిక్కిపోయి. తను చేర్పించిన సొంత చెల్లెలే తనతో మాట్లాడటం లేదని అప్పటికే అందరికీ తెలుసు. తల ఎత్తకుండా, ఏదో ఒకటి అడగాలని, "మీ పెద్దమ్మాయి ఇప్పుడేం చేస్తోందండీ?" అంది.

చుట్టూ జనం ఉన్నారు. అక్క నా చెయ్యి పట్టుకుంది. అమ్మ ట్యూషన్లు అనబోతోందని నాకు ఖాయంగా అనిపించింది.

"అన్నం అమ్ముతోంది" అంది అమ్మ, క్లాసులో వెనక బెంచీకి వినబడేలా చెప్పే గొంతుతో. "తిన్నవాళ్ళే డబ్బులిస్తున్నారు."